బంగారానికి "ఆ రోజు ధర" అంటే ఏది? స్పాట్, లండన్ వేలం, ఫ్యూచర్స్: మూడింటిలో ఏది మేలు?

"సరుకు అందిన రోజు స్పాట్ ధర ప్రకారం చెల్లింపు" అని ఒప్పందంలో ఒక వాక్యం రాసుకుంటారు. రాసుకున్నప్పుడు ఇద్దరికీ స్పష్టంగానే ఉంటుంది. తీరా లెక్క తేల్చుకునే రోజు కొనేవాళ్లు ఒక అంకె చూపిస్తారు, అమ్మేవాళ్లు ఇంకో అంకె చూపిస్తారు. చిత్రమేమిటంటే రెండూ నిజమైన ధరలే. బంగారానికి రోజంతా ఒకే ధర ఉండదు. అంతేకాదు, ఒకే క్షణంలో కూడా మూడు రకాల ధరలు చలామణిలో ఉంటాయి. వాటిలో దేన్ని నమ్ముకోవాలన్నది మనం దాంతో చేయబోయే పనిని బట్టి ఉంటుంది.

ఏ ధర తీసుకున్నా ముందు తేల్చుకోవాల్సింది ఔన్సు సంగతి. అంతర్జాతీయ మార్కెట్లో బంగారం ధర చెప్పేది ట్రాయ్ ఔన్సుకు. అంటే 31.1035 గ్రాములు. కిరాణా సరుకుల పొట్లాల మీద కనిపించే మామూలు ఔన్సు 28.3495 గ్రాములే. ట్రాయ్ ఔన్సు దానికంటే దాదాపు పది శాతం బరువు. తెర మీద ధర 2,000 డాలర్లు అని ఉందనుకుందాం (లెక్క తేలిగ్గా ఉంటుందని తీసుకున్న అంకె). కిలోలో 32.1507 ట్రాయ్ ఔన్సులు ఉంటాయి కాబట్టి కిలో విలువ 64,301 డాలర్లు. ఎవరైనా పొరపాటున మామూలు ఔన్సుతో లెక్క కడితే 70,548 వస్తుంది. ఒక్క కిలో మీద 6,200 డాలర్లకు పైగా తేడా! మీ చేతికొచ్చిన లెక్క ఎక్కడో దాదాపు పది శాతం తప్పుతోందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. గ్రాము ధరను 31.1 తో గుణించి చూడండి. ఔన్సు ధర తిరిగి రాకపోతే తప్పు అక్కడే ఉంది.

దీని వెనకే ఇంకో మెలిక ఉంది. ఆ 2,000 అనేది ఔన్సు స్వచ్ఛమైన బంగారానికి. ఔన్సు బరువున్న ఏ బంగారు వస్తువుకైనా అని కాదు. 995 స్వచ్ఛత, అంటే వెయ్యి పాళ్లలో 995 పాళ్లు బంగారం ఉన్న కిలో కడ్డీలో అసలు బంగారం 31.990 ఔన్సులే, కాబట్టి విలువ 63,980 డాలర్లు. కడ్డీ మొత్తం బరువును నేరుగా ధరతో గుణిస్తే 321 డాలర్లు ఎక్కువ పడుతుంది. లండన్ మార్కెట్లో చేతులు మారే పెద్ద కడ్డీలు సుమారు 400 ఔన్సులు ఉంటాయి. వాటి బరువూ స్వచ్ఛతా ఒకదానికొకటి సరిగ్గా కలవవు. అందుకే అక్కడ ప్రతి కడ్డీని విడిగా తూచి, స్వచ్ఛతతో గుణించి, వచ్చిన శుద్ధ ఔన్సులకే డబ్బు కడతారు.

ఇప్పుడు ధరల విషయానికి వద్దాం. తెర మీద XAU/USD పేరుతో క్షణక్షణం కదిలేది స్పాట్ ధర. దీన్ని నిర్ణయించే ఎక్స్ఛేంజ్ అంటూ ఒకటి లేదు. లండన్‌లోని ఖజానాల్లో ఉన్న బంగారం మీద బ్యాంకులు, పెద్ద డీలర్లు ఒకరికొకరు చెప్పుకునే కొనుగోలు, అమ్మకపు ధరలే స్పాట్. ఈ క్షణంలో ఒప్పుకుంటే రెండు పనిదినాల్లో బంగారమూ డబ్బూ చేతులు మారతాయి. ఎవరి తెర ఏ డీలర్ల దగ్గర్నుంచి ధరలు తెచ్చుకుంటుందో దాన్ని బట్టి అంకె కొద్దిగా మారుతుంది. ఒకరు కొనుగోలు ధర చూపిస్తారు, ఇంకొకరు అమ్మకపు ధర, మరొకరు రెంటికీ మధ్య ధర. అందుకే ఒకే నిమిషంలో రెండు తెరల మధ్య కొంత తేడా కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. కంగారు పడాల్సింది ఆగిపోయిన ధరను ఇప్పటి ధర అనుకున్నప్పుడు. న్యూయార్క్‌లో శుక్రవారం సాయంత్రం 5 గంటలకు మార్కెట్ ఆగితే ఆదివారం సాయంత్రం 6 దాకా కదలదు. శనివారం తెర మీద ఉన్నది శుక్రవారం మిగిల్చి వెళ్లిన అంకె.

స్పాట్ బలం వేగంలో ఉంది. ఇప్పటికిప్పుడు కొనాలన్నా అమ్మాలన్నా దానికి మించిన కొలత లేదు. బలహీనత కూడా అక్కడే ఉంది. "ఆ రోజు స్పాట్" అని రాసుకుంటే ఏ గంటది, ఎవరి తెర మీదది, కొనుగోలుదా అమ్మకపుదా అన్న మూడు ప్రశ్నలూ తెరిచే ఉంటాయి.

తర్వాతి తేదీన అందే బంగారానికి ఇవాళే ధర కుదుర్చుకునే ఒప్పందాలు ఫ్యూచర్స్. వీటి మీద నేను ఎక్కువసేపు ఆగను. న్యూయార్క్‌లోని కామెక్స్ అనే ఎక్స్ఛేంజ్‌లో GC అనే గుర్తుతో, 100 ట్రాయ్ ఔన్సుల కాంట్రాక్టుల రూపంలో ఇవి నడుస్తాయి. ఇక్కడ వ్యాపారం చాలా ఎక్కువ కాబట్టి ధర కదలిక చాలాసార్లు ఇక్కడే మొదలై స్పాట్‌కు పాకుతుంది. స్పాట్ డీలర్లు కూడా ఫ్యూచర్స్ ధర చూసి, అందులోంచి తేడా తీసేసి తమ ధర చెబుతుంటారు. ఆ తేడా ఎక్కడిదంటే ముఖ్యంగా వడ్డీది. ఏడాదికి ఐదు శాతం వడ్డీ ఉంటే, రెండు నెలల తర్వాత అందే బంగారం ఇవాళ్టి 2,000 కంటే దాదాపు 17 డాలర్లు ఎక్కువ పలకడం మామూలే. గడువు దగ్గరపడే కొద్దీ ఆ 17 కరిగిపోతుంది. GC అంకెను స్పాట్ అనుకుని లెక్క కడితే కిలోకు 500 డాలర్లకు పైగా తేడా వస్తుంది. తెర మీద గుర్తు పక్కన నెల పేరు గానీ నెలను సూచించే అక్షరం గానీ కనిపిస్తే అది స్పాట్ కాదని తెలిసిపోతుంది.

పైగా ఆ తేడా ఎప్పుడూ మర్యాదగా ఉండదు. 2020 మార్చిలో కోవిడ్ వల్ల విమానాలు ఆగి, స్విట్జర్లాండ్‌లోని శుద్ధి కర్మాగారాలు మూతపడినప్పుడు, లండన్‌లోని 400 ఔన్సుల కడ్డీలను కరిగించి న్యూయార్క్‌కు కావలసిన చిన్న కడ్డీలుగా మార్చి సమయానికి చేర్చగలమా అన్న భయం పుట్టింది. మామూలు రోజుల్లో కొద్ది డాలర్లుండే తేడా డెబ్భై డాలర్ల దాకా ఎగిరింది. బంగారం అదే బంగారం, కాకపోతే ఉన్న ఊరూ కడ్డీ సైజూ వేరు. కాబట్టి ఫ్యూచర్స్‌ను మార్కెట్ ఎటు కదులుతోందో చూడడానికి వాడుకోండి. డెలివరీ లెక్కలకు వాడొద్దు.

మిగిలింది లండన్ వేలం. నా ఓటు దీనికే, అందుకే కాస్త దగ్గర్నుంచి చూద్దాం. లండన్ బులియన్ మార్కెట్ అసోసియేషన్ పేరు మీద LBMA Gold Price అని పిలిచే ఈ ధర లండన్ సమయం ప్రకారం రోజుకు రెండుసార్లు, ఉదయం 10:30 కీ మధ్యాహ్నం 3:00 కీ మొదలయ్యే ఎలక్ట్రానిక్ వేలంలో తేలుతుంది. అప్పటి మార్కెట్‌ను బట్టి ఒక ప్రారంభ ధర ప్రకటిస్తారు, 2,000 అనుకుందాం. పాల్గొనేవాళ్లు ఆ ధరకు ఎన్ని ఔన్సులు కొంటారో, ఎన్ని అమ్ముతారో ముప్ఫై సెకన్లలో నమోదు చేస్తారు. కొనేవాళ్లు 85,000 ఔన్సులు, అమ్మేవాళ్లు 52,000 ఔన్సులు వేశారనుకుందాం. తేడా 33,000. సాధారణంగా ఈ తేడా 10,000 ఔన్సుల్లోపు ఉండాలి, కాబట్టి ఈ రౌండ్ చెల్లదు. కొనేవాళ్లు ఎక్కువున్నారు గనక ధర 2,001.20 కి పెంచి మళ్లీ ముప్ఫై సెకన్లు ఇస్తారు. ఈసారి కొనుగోలు 70,000, అమ్మకం 63,000 అయ్యాయి. తేడా 7,000 మాత్రమే. ధర తేలిపోయింది. ఆ మిగిలిన 7,000 ఔన్సులను నేరుగా పాల్గొనే సంస్థలు తమలో తాము పంచుకుంటాయి. అందరికీ ఒకే ధర, 2,001.20. కొనుగోలు ధర, అమ్మకపు ధర అన్న గొడవ ఇక్కడ లేదు.

ఒప్పందానికి ఇదెందుకు మేలంటే, ఆ అంకెకు తేదీ ఉంది, గంట ఉంది, ఒకే విలువ ఉంది. ఆరు నెలల తర్వాత ఎవరు వెతికినా అదే దొరుకుతుంది. రెండింట్లో మధ్యాహ్నపు వేలమే నాకు నచ్చుతుంది. లండన్‌లో మూడంటే న్యూయార్క్‌లో సాధారణంగా ఉదయం పది. రెండు మార్కెట్లూ తెరిచి, కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ నిండుగా ఉండే సమయం అది.

అలాగని దీనికి లోపం లేదనను. రోజంతటి వ్యవహారాన్ని కొద్ది నిమిషాల్లో తేలే ఒక అంకెకు కట్టేస్తే, ఆ నిమిషాల మీద కన్నేసేవాళ్లు ఉంటారు. 1919లో మొదలైన పాత పద్ధతిలో కొద్దిమంది సభ్యులే కూర్చుని ధర తేల్చేవాళ్లు. 2004 నుంచి అది ఫోన్లో నడిచింది. 2012 జూన్ 28న మధ్యాహ్నపు ధర 1,558.96 డాలర్లు దాటితే బార్క్లేస్ బ్యాంకు ఒక కస్టమర్‌కు 39 లక్షల డాలర్లు కట్టాల్సి ఉంది. ధర దాన్ని దాటకుండా ఆ బ్యాంకు ట్రేడర్ ఒకరు వేలంలో అమ్మకపు ఆర్డర్లు వేశారు. ధర 1,558.50 దగ్గర ఆగింది. నలభై ఆరు సెంట్ల తేడా! 2014లో బ్రిటన్ నియంత్రణ సంస్థ బ్యాంకుకు 2.6 కోట్ల పౌండ్ల జరిమానా వేసింది. 2015 మార్చి 20 నుంచి పాత ఫోన్ పద్ధతి పోయి ఐసీఈ సంస్థ నిర్వహించే ఎలక్ట్రానిక్ వేలం వచ్చింది. ఇప్పుడు రౌండ్ రౌండ్‌కూ కొనుగోలు, అమ్మకాల పరిమాణాలు నమోదవుతాయి. అప్పటికంటే చాలా మెరుగు. అయినా ఒక గీత దగ్గర లక్షలు అటో ఇటో అయ్యే షరతు మీ ఒప్పందంలో ఉంటే, ఒక్కరోజు ధర మీద కాకుండా కొన్ని రోజుల మధ్యాహ్నపు ధరల సగటు మీద పెట్టుకోవడం క్షేమం.

ఇంకో పరిమితి ఉంది. వేలం ధర మీకు కొలత అవుతుంది గానీ, ఆ ధరకు మీకు సరుకు దొరుకుతుందన్న హామీ కాదు. 3:00 కి 2,001.20 తేలి, 4:30 కి స్పాట్ 1,985 కి పడితే, ఆ సమయానికి అమ్మకానికి దిగినవాళ్లకు దక్కేది 1,985 చుట్టుపక్కలే. వెంటనే కొనీ అమ్మీ చేసే పని అయితే స్పాట్ తెరే చూడాలి, అదీ రెండు వైపుల ధరలూ కనిపించే తెర. మధ్య ధర ఒక్కటే చూపించేది సరిపోదు.

లెక్కలు తర్వాత తేల్చుకునే ఒప్పందమైతే నేను రాయించే వాక్యం ఇలా ఉంటుంది: "సరుకు అందిన రోజు లండన్ మధ్యాహ్నపు వేలంలో తేలిన LBMA Gold Price, డాలర్లలో, శుద్ధ ట్రాయ్ ఔన్సుకు. గ్రాముల్లోకి మార్చడానికి 31.1035." డబ్బు వేరే కరెన్సీలో కట్టేటట్టయితే మారకపు రేటు కూడా ఎక్కడిది, ఏ గంటదన్నది అక్కడే రాయాలి. బంగారం ధర మధ్యాహ్నానిదై, మారకపు రేటు ఉదయానిదైతే గొడవ మళ్లీ మొదటికొస్తుంది. చివరగా ఇంకో ముక్క చేర్చాలి. లండన్ సెలవు రోజుల్లో వేలం ఉండదు, క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ ముందరి పనిదినాన మధ్యాహ్నపు వేలం జరగదు. "ఆ రోజు మధ్యాహ్నపు వేలం లేకపోతే అంతకు ముందు జరిగిన మధ్యాహ్నపు వేలం ధర వర్తిస్తుంది" అని రాసుకుంటే డిసెంబరు 24న సరుకు దిగినా వాదన ఉండదు.