బ్లూమ్ ఫిల్టరా, హాష్ సెట్టా? “ఉంది” అన్నాక మీరేం చేస్తారు?

“మెమరీ ఆదా అవుతుంది కదా, సెట్ తీసేసి బ్లూమ్ ఫిల్టర్ పెట్టేయమంటారా?” అని చాలామంది అడుగుతున్నారు. రెండూ “ఈ కీ ఇందులో ఉందా?” అన్న ప్రశ్నకు జవాబిచ్చేవే, కాకపోతే హాష్ సెట్ కీలనే దాచుకుంటుంది, బ్లూమ్ ఫిల్టర్ వాటి గుర్తులను మాత్రమే. ఈమధ్య నేను రెండు పనులకు ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది. ఒకదానికి బ్లూమ్ ఫిల్టర్ పెట్టాను, రెండోదానికి వద్దనుకున్నాను.

ముందుగా అది పనిచేసే తీరు ఒక్కసారి గుర్తు చేసుకుందాం. 16 గడుల వరుస ఉంది, గడికి ఒక బిట్, అన్నిట్లో సున్నాలే. హాష్ ఫంక్షన్లు మూడు, ఒక్కోటి కీని ఒక గడి నంబరుగా మారుస్తుంది. “నది” చేరిస్తే 2, 7, 11 గడులు 1 అయ్యాయి. “కొండ” చేరిస్తే 4, 7, 14 అయ్యాయి. ఇప్పుడు “వాన” ఉందా అని అడిగితే 2, 5, 14 చూడాలి. 5లో సున్నా ఉంది. వానను ఎప్పుడైనా చేర్చి ఉంటే అది 1 అయ్యుండేది, ఒకసారి 1 అయిన గడి మళ్లీ సున్నా కాదు. కాబట్టి లేదంటే లేనట్టే. “మబ్బు”కు 4, 11, 14 వచ్చాయనుకోండి. మూడూ 1లే, కానీ వాటిని పెట్టింది నది, కొండ. అందుకే “ఉంది” అన్న జవాబుకు “ఉండొచ్చు” అనే అర్థం.

ఇక లెక్క. కోటి కీలకు, లేని కీలు నూరు అడిగితే ఒక తప్పుడు “ఉంది” వచ్చినా ఫర్వాలేదనుకుంటే కీకి 9.6 బిట్లు, 7 హాష్‌లు కావాలి. మొత్తం 12 ఎంబీ. కీ పొడవు ఎంతైనా ఇంతే. అదే హాష్ సెట్‌లో సగటున 60 బైట్ల కీలు పెడితే కీలకే 600 ఎంబీ పోతుంది, టేబుల్ ఖర్చు అదనం. ఇది చూసి చాలామంది అక్కడే ఆగిపోతారు. నేనైతే మెమరీని రెండో ప్రశ్నగానే చూస్తాను. మొదట చూసేది, తప్పుడు “ఉంది” వస్తే దాన్ని సరిచూసుకునే దారి ఉందా లేదా అని.

నా మొదటి పని డిస్క్ మీది ఫైళ్లలో కీ వెతకడం. ఫిల్టర్ “లేదు” అంటే డిస్క్ జోలికే వెళ్లం. “ఉంది” అంటే వెళ్లి చదువుతాం, అది తప్పయితే ఒక రీడ్ వృథా, అంతే. వెయ్యి వెతుకుళ్లలో 900 లేని కీలే అనుకుంటే, వెయ్యి రీడ్‌లు సుమారు 109కి దిగుతాయి: ఉన్నవి 100, తప్పుడువి 9. అదే 900 ఉన్న కీలయితే ఆదా అయ్యేది 99 రీడ్‌లే, దానికోసం వెయ్యిసార్లూ ఏడేసి హాష్‌లు. ఆ శ్రమ ఎందుకు? రాక్స్‌డీబీ, కసాండ్రా లాంటి డేటాబేస్‌లు ఇలాగే ఒక్కో ఫైలుకు ఒక్కో ఫిల్టర్ పెట్టుకుంటాయి. రాశాక ఆ ఫైలు మారదు కాబట్టి కీల సంఖ్య ముందే తెలుసు, తీసేయడమన్న తలనొప్పీ లేదు.

రెండోది లింకుల వెంట వెళ్తూ పేజీలు తెచ్చే వెబ్ క్రాలర్, “ఈ లింకు ఇదివరకే చూశామా?” అన్న ప్రశ్న. ఇక్కడ తప్పుడు “ఉంది” వస్తే ఆ పేజీని ఎప్పటికీ తెచ్చుకోం. లాగ్‌లో ఎర్రర్ ఉండదు, పోయిందని కూడా తెలియదు. పైగా లింకులు ఎన్నొస్తాయో ముందే ఎవరికి తెలుసు? కోటికి కట్టిన ఫిల్టర్‌లో రెండు కోట్లు కుక్కితే ఏమవుతుందో చూడండి. p అంటే తప్పుడు “ఉంది” వచ్చే అవకాశం, k హాష్‌ల సంఖ్య, n కీల సంఖ్య, m గడుల సంఖ్య:

```
p ≈ (1 - e^(-kn/m))^k
k = 7, m/n = 9.6 → 1%
k = 7, m/n = 4.8 → సుమారు 16%
```

నూటికి ఒకటి కాస్తా ఆరింటికి ఒకటి అయిపోయింది. అందుకే అక్కడ లింకు బదులు దాని 64 బిట్ల హాష్‌ను మాత్రమే సెట్‌లో దాచాను. కోటికి 80 ఎంబీ, పైన టేబుల్‌లో ఖాళీలు. ఇందులోనూ రెండు లింకులకు ఒకే హాష్ పడే వీలుంది, కానీ మంచి హాష్ అయితే లక్ష కోట్ల ప్రశ్నలు అడిగినా ఒక్క తప్పు రావడం అనుమానమే. నిజం చెప్పాలంటే బ్లూమ్ ఫిల్టర్ గురించి అడిగేవాళ్లలో చాలామందికి ఇదే సరిపోతుందని నా అభిప్రాయం.

కీలు తీసేయాలంటే మామూలు బ్లూమ్ ఫిల్టర్ పనికిరాదు. “నది” కోసం 7ను సున్నా చేస్తే “కొండ” కూడా మాయమవుతుంది. అప్పుడు గడిలో 1 బదులు ఎన్ని కీలు పడ్డాయో లెక్క ఉంచే కౌంటింగ్ రకం ఉంది, గడికి 4 బిట్లయితే నాలుగు రెట్లు చోటు. లేదా కుకూ ఫిల్టర్ ఉంది. నాకు ఆ అవసరం రాలేదు.

బ్లూమ్ ఫిల్టరే పెట్టుకున్నవాళ్లు అప్పుడప్పుడు 1లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. సరిగ్గా కట్టినదాంట్లో సగం గడులు, ఓ పిసరు అటూఇటూగా, నిండి ఉంటాయి. నాలుగింట మూడు వంతులు దాటాయంటే అది పొంగిపోయినట్టే. దాన్ని సాగదీయడం కుదరదు, అందులోంచి కీలను వెనక్కి రాబట్టలేం కాబట్టి అసలు కీల నుంచి కొత్తది కట్టాల్సిందే. నా డిస్క్ ఫైళ్లలో ఆ కీలు ఎలాగూ ఉన్నాయి. క్రాలర్‌లో ఫిల్టర్ ఒక్కటే పెట్టుకుని ఉంటే ఆ దారి కూడా మూసుకుపోయేది.