ఈఫిల్ టవర్‌కు మెట్లెక్కే వెళ్లండి

పారిస్ వెళ్లినవాళ్లలో చాలామంది చివరి అంతస్తు దాకా లిఫ్టు టికెట్ కొని, క్యూలో నిలబడి, పైన ఫొటోలు దిగి వచ్చేస్తారు. మెట్ల టికెట్ ధర అందులో సగం కూడా ఉండదు. అయినా ఈ టవర్ ఎలా కట్టారో కళ్లారా కనిపించేది మెట్ల మీదే. రెండో అంతస్తుకు 674 మెట్లు. పిల్లలూ పెద్దవాళ్లూ మొదటి అంతస్తుకు ముందే విసుక్కుంటారు, కాబట్టి తొందరపెట్టకుండా ఆగి ఆగి ఎక్కించండి. ఆగినచోటల్లా ఇనుము చేతికందేంత దగ్గరలో ఉంటుంది.

మొదట రివెట్లను, అంటే ఇనుప పలకల్ని కలిపి బిగించే మేకుల్లాంటి కడ్డీలను చూడండి. దూలాల మీద వరసగా కనిపించే గుండ్రటి బొడిపెలు అవే. టవర్‌లో 18,038 ఇనుప భాగాలు, సుమారు 25 లక్షల రివెట్లు ఉన్నాయి. వాటిలో మూడింట రెండొంతులు ఇక్కడ కొట్టినవి కావు. పారిస్ పక్కనే లెవల్వా-పెరేలో ఉన్న ఈఫిల్ కర్మాగారంలోనే రంధ్రాలు తొలిచి, ముక్కల్ని దాదాపు ఐదు మీటర్ల భాగాలుగా బిగించి పంపేవారు. రంధ్రాల చోటును మిల్లీమీటరులో పదో వంతు దాకా లెక్కగట్టారు. తేడా వచ్చిన ముక్కను పైన సరిచేయకుండా కర్మాగారానికే తిప్పి పంపేవారు. రెండు పలకల రంధ్రాలు సూటిగా కలవకపోతే రివెట్ లోపలికి దిగదు మరి.

పైకి చేరిన భాగాన్ని ముందు బోల్టులతో తాత్కాలికంగా నిలిపేవారు. తర్వాత ఒక్కో బోల్టు తీసి దాని చోట రివెట్ కొట్టేవారు. ఒక్క రివెట్‌కు నలుగురు మనుషులు: ఒకరు కొలిమిలో ఎర్రగా కాల్చేవారు, ఒకరు రంధ్రంలో పెట్టి తల పట్టుకునేవారు, ఒకరు రెండో కొసను గుండ్రంగా తీర్చేవారు, ఇంకొకరు సమ్మెటతో బాదేవారు. చల్లారుతున్నకొద్దీ రివెట్ కుంచించుకుని రెండు పలకల్నీ దగ్గరికి లాగి బిగిస్తుంది. అసలు పట్టంతా ఆ కుంచించుకోవడంలోనే ఉంది.

బరువులు పైకెత్తడానికి ఆవిరి క్రేన్లు వాడారు. లిఫ్టుల కోసం కాళ్ల లోపల వేసిన పట్టాల మీదే అవి పాకుతూ, టవర్ పెరిగినకొద్దీ తామూ పైకి జరిగాయి.

మొదటి అంతస్తుకు చేరాక మాత్రం కాసేపు నిలబడాలి. 57 మీటర్ల ఎత్తున ఉన్న ఈ చోటే మొత్తం పనిలో అన్నిటికన్నా కష్టమైన ఘట్టం. నాలుగు కాళ్లూ లోపలికి వాలుతూ పెరిగాయి. ఒక ఎత్తు దాటాక వాటంతట అవి నిలవవు కాబట్టి కాలికి మూడు చొప్పున 30 మీటర్ల చెక్క పరంజాలు పన్నెండు కట్టారు. ఆ పైన మొదటి అంతస్తు దూలాల్ని మోయడానికి ఇంకా ఎత్తైనవి మరో నాలుగు లేపారు. విడివిడిగా పెరిగిన నాలుగు కాళ్లను అడ్డ దూలాలు కలపాలి. రంధ్రాలు ముందే తొలిచి ఉన్నాయి కనుక కాళ్లు వాటి చోటుకు రావాల్సిందే.

తప్పు ఎలా పెరుగుతుందో లెక్క చూడండి. ఒక్కో కాలిలో నాలుగు ప్రధాన స్తంభాలు, అడుగున వాటి మధ్య దూరం సుమారు 15 మీటర్లు. ఒక పక్క స్తంభాలు ఒక్క మిల్లీమీటరు ఎత్తుగా కూర్చున్నా, మొదటి అంతస్తు దగ్గర కాలు దాదాపు నాలుగు మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. రివెట్ దిగకుండా ఆపడానికి అది చాలు.

అందుకే సరిదిద్దే ఏర్పాటు ముందే చేసి పెట్టారు. పరంజాల పైన ఇసుక నింపిన పెట్టెలుంచి, వాటి మీద కాళ్లను ఆనించారు. కొంచెం ఇసుక వదిలితే కాలు ఆ మేరకు మెల్లగా దిగుతుంది. పైకి లేపాలంటే పదహారు స్తంభాల అడుగునా నీటి ఒత్తిడితో పనిచేసే జాకీలున్నాయి. కాలు సరైన చోటికి వచ్చాక కింద ఇనుప చీలలు బిగించి స్థిరం చేశారు. 1887 జులై 1న మొదలైన ఇనుప పని, ఆ ఏడాది డిసెంబర్ 7కి నాలుగు కాళ్లనూ కలిపింది. ఆ తర్వాత రెండో అంతస్తు 1888 ఆగస్టుకి, మొత్తం టవర్ 1889 మార్చి 31కి పూర్తయ్యాయి.

దిగేటప్పుడు మైదానంలో ఒక కాలి అడుగుకు వెళ్లండి. భద్రతా తనిఖీ దాటితే అక్కడికి టికెట్ అక్కర్లేదు. రాతి దిమ్మెల్లోంచి వాలుగా లేచే స్తంభాలను చూసి, ఆ వాలు వెంటే తల పైకెత్తి మొదటి అంతస్తు అడ్డ దూలం దాకా చూపు పోనివ్వండి. జాకీలు ఎత్తింది ఈ అడుగునే, దాని ఫలితం తేలింది ఆ దూలం దగ్గర.