జుట్టు రాలుతుంటే ముందు బయోటిన్ మాత్రా, రక్తపరీక్షా? ఏది మేలు?

దువ్వెన నిండా వెంట్రుకలు కనిపించడం మొదలైతే ముందు మూడు దారులుంటాయి. బయోటిన్ అనే బి విటమిన్‌ను 10,000 మైక్రోగ్రాముల మాత్రగా మొదలుపెట్టడం ఒకటి. ఒంటికి కావలసినంత బయోటిన్ తిండి నుంచో, మామూలు మల్టీవిటమిన్ నుంచో అందితే చాలని ఊరుకోవడం రెండోది. ఏ మాత్రా వేయకుండా ముందు పరీక్షలు చేయించుకుని, తేలిన కారణానికి మందు వాడడం మూడోది. ఎక్కువమందికి మూడోదే మేలు. అసలు చిక్కు మొదటిదీ మూడోదీ కలిపేసినప్పుడు వస్తుంది. మాత్ర వేసుకుంటూనే రక్తం ఇస్తే, జుట్టు ఎందుకు రాలుతోందో చెప్పాల్సిన రిపోర్టే తప్పు చెప్పవచ్చు.

ముందు మోతాదు సంగతి. పెద్దవాళ్లకు రోజుకు 30 మైక్రోగ్రాముల బయోటిన్ సరిపోతుంది. పాలిచ్చే తల్లికి 35. జుట్టు కోసం అమ్మే మాత్రల్లో 5,000 లేదా 10,000 మైక్రోగ్రాములు, అంటే 5 లేదా 10 మిల్లీగ్రాములు ఉంటాయి. పది మిల్లీగ్రాముల మాత్రంటే రోజు అవసరానికి మూడు వందల రెట్లకు పైమాటే. లోపం లేనివాళ్లలో ఈ అదనపు బయోటిన్ జుట్టుకు మేలు చేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు, మిగిలిపోయింది మూత్రంలో పోతుంది. జుట్టుకు, గోళ్లకు బయోటిన్ పనిచేసిందని వైద్య పత్రికల్లో వచ్చిన 18 కేసులను 2017లో ఒక సమీక్ష పరిశీలించింది. ఆ పద్దెనిమిది మందిలోనూ వంశపారంపర్య ఎంజైమ్ లోపమో, గోళ్లు పెళుసుబారడమో, అలాంటి మరో సమస్యో ముందే ఉంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు జుట్టు ఒత్తుగా వచ్చిందని అందులో ఏమీ తేలలేదు.

మరి వాడి బాగుపడ్డామనేవాళ్ల మాటేమిటి? తీవ్రమైన జ్వరం, ప్రసవం, ఆపరేషన్, ఉన్నట్టుండి బరువు తగ్గడం వంటివి జరిగిన రెండు మూడు నెలలకు జుట్టు గుత్తులుగా రాలుతుంది. కారణం ఒక్కసారి వచ్చి పోయిందైతే, సాధారణంగా ఆరు నెలల్లోపు దానంతట అదే తగ్గుతుంది. రాలడం ఎక్కువగా ఉన్నప్పుడే మనిషి మాత్ర కొంటాడు, తగ్గే వేళకు డబ్బా అయిపోతుంది. పేరు మాత్రకు దక్కుతుంది.

బయోటిన్ నిజంగా అవసరమైనవాళ్లు కొద్దిమందే, కానీ ఉన్నారు. పుట్టుకతో బయోటినిడేస్ అనే ఎంజైమ్ లోపించినవాళ్లు, మూర్ఛకు కార్బమజెపైన్, ఫినిటాయిన్ వంటి మందులు ఏళ్ల తరబడి వాడేవాళ్లు, బయోటిన్ కలపని సెలైన్ పోషణ మీద ఎక్కువకాలం ఉన్నవాళ్లు, పచ్చి గుడ్డు తెల్లసొన రోజూ తాగేవాళ్లు ఈ కోవలోకి వస్తారు. పచ్చి తెల్లసొనలోని అవిడిన్ బయోటిన్‌ను పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. ఉడికిన గుడ్డుతో ఆ బాధ లేదు. నిజమైన లోపం ఉంటే జుట్టు ఒక్కటే రాలి ఊరుకోదు. కళ్లు, ముక్కు, నోటి చుట్టూ ఎర్రగా పొలుసులు లేస్తాయి, కాళ్లూ చేతులూ తిమ్మిర్లెక్కుతాయి, నీరసం ఉంటుంది. ఇవేవీ లేకుండా కేవలం పాపిడి వెడల్పవుతుంటే అనుమానించాల్సింది బయోటిన్‌ను కాదు.

ఇక రిపోర్టు ఎలా తప్పుతుందో చూద్దాం. ల్యాబుల్లో చాలా హార్మోన్ పరీక్షలు బయోటిన్‌కూ స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీన్‌కూ ఉన్న గట్టి పట్టు మీద నడుస్తాయి. యంత్రంలోని సన్నటి పూసలకు స్ట్రెప్టావిడిన్ పూత ఉంటుంది. వెతికే హార్మోన్‌ను పట్టుకునే యాంటీబాడీకి బయోటిన్ తోక తగిలిస్తారు. థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్ టీఎస్‌హెచ్ వంటి పెద్ద అణువుకైతే రెండు యాంటీబాడీలు వాడతారు. ఒకదానికి ఆ తోక, రెండోదానికి వెలుగునిచ్చే రసాయనం. హార్మోన్ మధ్యలో చిక్కుకుని ఈ జట్టంతా పూసకు అతుక్కుంటుంది, మిగతాది కడిగేస్తారు. ఎంత వెలుగు వస్తే అంత హార్మోన్ ఉన్నట్టు లెక్క.

రక్తంలో మాత్ర తాలూకు బయోటిన్ నిండి ఉంటే పూసల మీది చోటంతా ముందే అదే ఆక్రమిస్తుంది. జనం ఎక్కేలోపే సీట్ల మీద తువ్వాళ్లు వేసేసిన బస్సు లాంటి వ్యవహారం. హార్మోన్‌ను పట్టుకున్న జట్టుకు చోటు దొరక్క కడుగునీళ్లతో పోతుంది. వెలుగు తగ్గుతుంది, టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెర్రిటిన్, గర్భ పరీక్ష హార్మోన్ హెచ్‌సీజీ, గుండెపోటును పట్టే ట్రోపోనిన్ కూడా ఈ పద్ధతిలో చేసినప్పుడు ఇలాగే తగ్గి కనిపించవచ్చు.

థైరాయిడ్ గ్రంథి హార్మోన్లయిన ఫ్రీ టీ4, ఫ్రీ టీ3, టెస్టోస్టెరాన్, విటమిన్ డి వంటి చిన్న అణువుల పరీక్ష దీనికి తిరగేసి ఉంటుంది. అక్కడ రోగి హార్మోనూ, ల్యాబు కలిపిన వెలుగునిచ్చే నకలూ ఒకే చోటుకు పోటీపడతాయి. వెలుగు ఎంత తగ్గితే రోగిలో హార్మోన్ అంత ఎక్కువున్నట్టు యంత్రం లెక్కకడుతుంది. బయోటిన్ అడ్డుపడ్డా వెలుగు తగ్గుతుంది కాబట్టి ఫలితం లేనిపోని ఎత్తుకు పోతుంది. ఒకే అడ్డంకి, ఒక పరీక్షను కిందకీ ఇంకో పరీక్షను పైకీ లాగుతుంది.

ఇప్పుడు వరస చూడండి. జుట్టు రాలుతోందని డాక్టర్ దగ్గరకు వెళితే సాధారణంగా రాసే పరీక్షలు హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్, టీఎస్‌హెచ్, వాటితోపాటు విటమిన్ డి, బి12. హిమోగ్లోబిన్‌కు ఈ బెడద లేదు. మిగిలినవి బయోటిన్ పద్ధతిలో చేస్తే తప్పే అవకాశం ఉన్నవే.

లెక్క అర్థం కావడానికి ఒక ఊహాత్మక రిపోర్టు తీసుకుందాం. ముప్పై నాలుగేళ్ల స్త్రీ, జ్వరం వచ్చి తగ్గిన మూడో నెల నుంచి జుట్టు రాలుతోంది. రోజూ పది మిల్లీగ్రాముల బయోటిన్ వేసుకుంటోంది. పరగడుపున రమ్మన్నారని టిఫిన్ మానేసింది, మాత్ర మాత్రం నీళ్లతో వేసుకుని గంటన్నరకు రక్తమిచ్చింది. బయోటిన్ రక్తంలో అత్యధికంగా ఉండేది సరిగ్గా అప్పుడే. రిపోర్టులో టీఎస్‌హెచ్ 0.2 (మామూలుగా 0.4 నుంచి 4), ఫ్రీ టీ4 2.4 (0.8 నుంచి 1.8), ఫెర్రిటిన్ 14. కాగితం ప్రకారం థైరాయిడ్ ఉద్ధృతంగా పనిచేస్తోంది, ఇనుము అడుగంటింది. మనిషిని చూస్తే నాడి 72, చేతుల వణుకు లేదు, చెమటలు లేవు, బరువు తగ్గలేదు. కాగితానికీ మనిషికీ పొంతన లేకపోవడమే మొదటి ఆనవాలు. మూడు రోజులు మాత్ర ఆపి మళ్లీ చేస్తే టీఎస్‌హెచ్ 2.1, ఫ్రీ టీ4 1.2, ఫెర్రిటిన్ 41 వచ్చాయనుకోండి. ఆమెకు థైరాయిడ్ జబ్బు లేదు. మొదటి కాగితాన్నే నమ్మి థైరాయిడ్‌ను అణిచే మందు మొదలుపెడితే లేని జబ్బుకు వైద్యం చేసినట్టే. థైరాయిడ్ ఉద్ధృతికి కారణమయ్యే గ్రేవ్స్ జబ్బును నిర్ధారించే యాంటీబాడీ పరీక్ష కూడా కొన్ని కిట్లలో ఇదే కారణంగా పాజిటివ్‌గా వస్తుంది కాబట్టి, ఆ పొరపాటుకు ఇంకో సాక్ష్యం కూడా దొరికినట్టు కనిపిస్తుంది.

దీనికన్నా దొంగదెబ్బ రెండో రకం. అసలు టీఎస్‌హెచ్ 9 ఉండి, ఫ్రీ టీ4 కాస్త తక్కువగా ఉన్న మనిషిని తీసుకోండి. జుట్టు రాలడానికి కారణం మందకొడి థైరాయిడే. బయోటిన్ ప్రభావంతో టీఎస్‌హెచ్ 3.4కు దిగి, ఫ్రీ టీ4 కాస్త పైకి జరిగితే రెండూ మామూలు గీతల మధ్యలోకి వచ్చేస్తాయి. మొదటి రిపోర్టు వింతగా ఉంది కాబట్టి ఎవరైనా మళ్లీ చూస్తారు. ఈ రిపోర్టులో ఎర్ర అక్షరమే లేదు, ఎవరూ రెండోసారి చూడరు. ‘థైరాయిడ్ బాగానే ఉంది, బయోటిన్ కొనసాగించండి’ అన్న సలహాతో జుట్టు రాలుతూనే ఉంటుంది. విటమిన్ డి లోపం కూడా ఇలాగే కప్పుబడిపోవచ్చు.

ప్రతి ల్యాబులోనూ ఇలా జరగదు. కొన్ని యంత్రాలు బయోటిన్, స్ట్రెప్టావిడిన్ జోడీని వాడవు. కొన్ని కంపెనీలు ఎక్కువ బయోటిన్‌ను తట్టుకునేలా కిట్లు మార్చాయి. అందుకే ఒకే రోజు రెండు ల్యాబుల్లో ఫలితాలు పొంతన లేకుండా వస్తే బయోటిన్ గుర్తుకు రావాలి. కిట్‌తో వచ్చే కాగితంలో ఎంత బయోటిన్ దాకా ఫలితం చెడదో రాసి ఉంటుంది. ల్యాబు డాక్టర్‌ను అడిగితే చూసి చెబుతారు.

పరీక్షకు ముందు ఎన్నాళ్లు ఆపాలి? 5 నుంచి 10 మిల్లీగ్రాములు వాడేవాళ్లు థైరాయిడ్ పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపాలని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ చెబుతుంది. మూడు రోజులు ఆపితే నిశ్చింత. కిడ్నీలు సరిగా పనిచేయనివాళ్లలోనూ, నరాల జబ్బుకు 100 నుంచి 300 మిల్లీగ్రాములు వాడేవాళ్లలోనూ బయోటిన్ ఇంకా ఎక్కువ రోజులు నిలుస్తుంది, గడువు డాక్టరే చెప్పాలి. బయోటినిడేస్ లోపం ఉన్నవాళ్లు మాత్రం పరీక్ష కోసం మాత్ర ఆపకూడదు. వాళ్లకు బయోటిన్ వాడని పద్ధతిలో పరీక్ష చేయించడమే దారి. రోజుకు 30 మైక్రోగ్రాముల స్థాయిలో ఉన్న మల్టీవిటమిన్‌తో ఈ గొడవ ఉండదు. రెండో దారికి ఉన్న లాభం ఇదే. అయితే లేబుల్ చూడకుండా ‘మాది మామూలు విటమినే’ అనకండి. జుట్టు, చర్మం, గోళ్లు అని రాసిన గమ్మీల్లోనూ, కొన్ని బి కాంప్లెక్స్ మాత్రల్లోనూ వేల మైక్రోగ్రాములుంటాయి. విటమిన్ బి7, విటమిన్ హెచ్, డి-బయోటిన్ అన్నా అదే సరుకు.

అన్నీ మామూలుగా వచ్చి, పాపిడి దగ్గర పలచబడడం వంశపారంపర్య బట్టతల తీరులో ఉంటే మినాక్సిడిల్ అనే మందుకు ఆధారం ఉంది, బయోటిన్‌కు లేదు. అదీ ఫలితం చూపడానికి మూడు నుంచి ఆరు నెలలు తీసుకుంటుంది, మొదటి వారాల్లో రాలడం కాస్త పెరగనూ వచ్చు. ఫెర్రిటిన్ నిజంగా తక్కువుంటే ఇనుము, థైరాయిడ్ మందగిస్తే దాని మాత్ర. జుట్టు నెలకు సుమారు సెంటీమీటరే పెరుగుతుంది కాబట్టి ఏ దారిలోనైనా నెలల మాటే.

పరీక్షలన్నీ అయ్యాక కూడా బయోటిన్ వాడాలనిపిస్తే వాడుకోండి, కానీ డాక్టర్‌కు చెప్పే మందుల జాబితాలో మోతాదుతో సహా రాయండి. ఛాతీ నొప్పితో ఎమర్జెన్సీకి వెళ్లినప్పుడు మూడు రోజులు ఆగే వీలుండదు. బయోటిన్ ఎక్కువగా వాడుతున్న ఒక రోగిలో ట్రోపోనిన్ తప్పుగా తక్కువ చూపిందని, ఆ తర్వాత ఆ రోగి మరణించారని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో ఇచ్చిన హెచ్చరికలో పేర్కొంది. అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టర్ మీ బీపీ, షుగర్ మందులు అడుగుతారు, జుట్టు మాత్ర గురించి అడగకపోవచ్చు. చివరి మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నారో మీరే చెప్పండి.