గురుడా, కృత్తికలా, విమానమా: ఫొటోలో ఏ గుర్తును నమ్మాలి?

2025 జనవరిలో ఒక రాత్రి ఎనిమిదింటికి మా తమ్ముడి కొడుకు డాబా పిట్టగోడ మీద ఫోన్‌ను బోర్లా పెట్టి, ప్రో మోడ్‌లో 10 సెకన్ల ఎక్స్‌పోజర్‌తో నడినెత్తి ఆకాశాన్ని ఫొటో తీశాడు. వాట్సాప్‌లో పంపి, "పెదనాన్నా, ఇందులో గురుడేది?" అని అడిగాడు. ఫొటోలో ఒక లావుపాటి తెల్ల చుక్క, ఒక మసక మరక, ఒక గీత ఉన్నాయి. గీత ఉల్క అని వాడే తేల్చేశాడు. వాట్సాప్ ఫొటోను కుదించేస్తుంది కాబట్టి అసలు ఫైలును డాక్యుమెంట్‌గా పంపమన్నాను. ఈ పని ముందు చేయకపోతే తర్వాత చెప్పేవేవీ పనికిరావు.

"మిణుకుమంటే నక్షత్రం, నిలకడగా ఉంటే గ్రహం" అని మనందరికీ చిన్నప్పుడే చెప్పారు. కంటికి అది చాలావరకు నిజమే. ఫొటోలో మాత్రం ఆ 10 సెకన్ల మిణుకులన్నీ ఒకే చుక్కలో కలిసిపోతాయి. ఇక చాలామంది చూసేది సైజు. లావుగా ఉంటే గ్రహం అనుకుంటారు. నా దృష్టిలో అన్నిటికన్నా మోసం చేసే గుర్తు ఇదే. ఫోన్ మెయిన్ కెమెరా ఫొటో పొడవు 4000 పిక్సెళ్లయితే, ఆకాశంలో ఒక డిగ్రీకి దాదాపు 50 పిక్సెళ్లు వస్తాయి. ఆ రోజుల్లో గురుడి బింబం డిగ్రీలో ఎనభయ్యో వంతుకు అటూ ఇటూ ఉంది. అంటే నిజానికి ఒక్క పిక్సెల్ కూడా నిండదు. ఫొటోలో పది పన్నెండు పిక్సెళ్ల బొట్టుగా కనిపించింది వెలుగు ఎక్కువై పక్కకు పొంగడం వల్ల. ఫోకస్ కాస్త తప్పితే మామూలు నక్షత్రం కూడా అలాగే ఉబ్బుతుంది.

మరి గురుడని ఎలా తేల్చాలి? చోటును బట్టి. గ్రహాలు సూర్యచంద్రులు నడిచే దారికి దగ్గరలోనే ఉంటాయి. స్టెల్లేరియం లాంటి యాప్‌లో ఫొటో తీసిన తేదీ, సమయం, ఊరు ఇస్తే ఆ చోట ఏముందో చూపిస్తుంది. యాప్ లేకున్నా పంచాంగం ఉంది. 2024 మేలో నర్మదా పుష్కరాలు వచ్చాయంటే గురుడు వృషభంలోకి వచ్చాడనేగా! వృషభమంటే కృత్తిక, రోహిణి ఉన్న చోటు. మా వాడి ఫొటోలో లావు చుక్కకు సుమారు 5 డిగ్రీల ఎడంలో, అంటే 250 పిక్సెళ్ల దూరంలో, ఎర్రటి చుక్క ఉంది. అది రోహిణి. లెక్క సరిపోయింది.

మసక మరక సంగతి తేలిక. జూమ్ చేస్తే విడివిడి చుక్కలు కనిపించాలి. కృత్తికల ముఖ్యమైన చుక్కలు డిగ్రీ పైచిలుకు మేర పరుచుకుని ఉంటాయి, కాబట్టి 60 పిక్సెళ్లలో ఆరేడు చుక్కలు చిన్న గరిటె ఆకారంలో, సమంగా లేని ఎడాలతో తేలాయి. పల్లెల్లో పిల్లలకోడి అనేది వీటినే. వాట్సాప్ కాపీలో అవన్నీ అలికినట్టు కలిసిపోయాయి.

గీతలో కూడా చుక్కలున్నాయి. కానీ అవి సూటిగా, సమాన దూరంలో, తొమ్మిది ఉన్నాయి. విమానం స్ట్రోబ్ లైటు దాదాపు సెకనుకోసారి మెరుస్తుంది, పది సెకన్లకు తొమ్మిది మెరుపులు సరిపోయే లెక్కే. ఉల్క గీతలో ఇలా చుక్కలు రావు, అది రెండు కొసల్లో సన్నబడుతుంది. పైగా పది సెకన్లలో ఆకాశం తిరగడం వల్ల నక్షత్రాలూ గురుడూ జరిగేది రెండు పిక్సెళ్లే. ఈ గీత పొడవు దాదాపు 600 పిక్సెళ్లు. అయితే తెగిన గీతంటే విమానమేనని గుడ్డిగా నమ్మకూడదు. నైట్ మోడ్‌లో ఫోన్ చాలా ఫొటోలు తీసి కలుపుతుంది, ఆ కలపడంలో ఉపగ్రహం గీత కూడా ముక్కలు కావచ్చు. ఒక్కోసారి విమానాన్ని పూర్తిగా చెరిపేస్తుంది కూడా.

ఇంకో చిక్కుంది. దిగుతూ మనకెదురుగా వచ్చే విమానం ల్యాండింగ్ లైటు దిగంతం దగ్గర గీత లేకుండా, అచ్చం శుక్రుడిలా, నిలిచిన చుక్కగా పడుతుంది. అక్కడ ఆకారం పనికిరాదు.

అందుకే ఒక్క పరీక్షే ఎంచుకోమంటే నేను రెండో ఫొటోకే ఓటేస్తాను. ఫోన్ కదపకుండా రెండు నిమిషాల తర్వాత ఇంకోటి తీయాలి. ఆ వ్యవధిలో ఆకాశమంతా పాతిక పిక్సెళ్ల లోపే పడమటికి జరుగుతుంది, గురుడూ కృత్తికలూ రోహిణీ కలిసే జరుగుతాయి, వాటి మధ్య ఎడం మారదు. విమానం ఉన్నచోట ఉండదు. కాకపోతే గ్రహాన్ని నక్షత్రం నుంచి వేరుచేయడానికి రెండు నిమిషాలు చాలవు, దానికి మ్యాపే గతి. లేదా రెండు సెకన్ల ఎక్స్‌పోజర్ పెట్టి ఫోన్‌ను కావాలనే ఊపి చూడండి. లుబ్ధకం అంటే సిరియస్ రంగురంగుల పూసల దండలా వస్తుంది, గురుడి గీత మాత్రం దాదాపు ఒకే రంగులో సాగుతుంది.

మా వాడు అదృష్టవశాత్తూ రెండో ఫొటో కూడా తీశాడు. అందులో గీత లేదు. "ఉల్కే కదా, పోయింది" అన్నాడు. సరేరా, ఆ తొమ్మిది చుక్కల సంగతేంటో చెప్పు అన్నాను.