లీజులో ఫోర్స్ మెజ్యూర్: మామూలు క్లాజా, అద్దె మాఫీ క్లాజా?

ఫోర్స్ మెజ్యూర్ అంటే మన చేతిలో లేని విపత్తు. షాపు అద్దెకు తీసుకుంటూ లీజు రాసేటప్పుడు దాని గురించి రెండు దారులున్నాయి.

మామూలు క్లాజు: "వరద, మహమ్మారి వస్తే ఒప్పందం అమలు కాకపోయినా తప్పు కాదు" అని ఉంటుంది. ఓనర్ వెంటనే సంతకం పెడతాడు, కానీ అద్దె మాటే లేదు కాబట్టి రిస్క్ అంతా మీదే.

అద్దె మాఫీ క్లాజు: "ప్రభుత్వ ఆర్డర్‌తో షాపు మూస్తే ఆ రోజులకు అద్దె ఉండదు" అని నేరుగా రాయాలి. బేరం కష్టం, ఓనర్ అద్దె పెంచమని అడగొచ్చు. మెయింటెనెన్స్ ఛార్జీల సంగతీ, ఎన్ని రోజుల్లో నోటీసివ్వాలో కూడా ఇందులోనే తేల్చుకోండి.

అసలు ఏ క్లాజూ లేకపోతే? 2020 మేలో ఢిల్లీ ఖాన్ మార్కెట్‌లోని చెప్పుల షాపు కేసులో హైకోర్టు సూటిగా చెప్పింది: అమలు అసాధ్యమైన ఒప్పందం చెల్లదనే కాంట్రాక్ట్ చట్టం 56వ సెక్షన్ లీజులకు వర్తించదు, ఆస్తి బదిలీ చట్టం 108(బి)(ఇ) వాడుకోవాలంటే షాపులో ముఖ్య భాగమైనా ధ్వంసమవ్వాలి లేదా శాశ్వతంగా పనికిరాకుండా పోవాలి, అప్పుడు కూడా లీజు రద్దు చేసుకోవచ్చుగానీ లోపలే ఉండి అద్దె ఎగ్గొట్టడం కుదరదు. లాక్‌డౌన్ తాత్కాలికమే కదా! అద్దెదారుకు దక్కింది కట్టడానికి కొంత గడువే.

హోటల్, జిమ్ లాంటివాటికి రెండోదే పట్టుబట్టండి. సరుకు దాచే గోడౌన్‌కు మొదటిది చాలు.