పొలంలో చెప్పిన మాటా, తర్వాత కలిపిన గొంతా? సొసైటీ వీడియోకు ఏది మేలు?

పర్లాకిమిడి నుంచి కాశీనగర్ వైపు ఉన్న మా ఊళ్లలో ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు ఒడియా. మా రైతుల సొసైటీలో తెలుగు ఇళ్లూ ఒడియా ఇళ్లూ దాదాపు సమానం. నిరుడు రోహిణి కార్తెకు ముందు, వరి విత్తనాన్ని ఉప్పునీళ్లలో వేసి తాలు తీసేసే పద్ధతి మీద ఒక చిన్న వీడియో చేద్దామనుకున్నాం. కెమెరా లేదు, రెండు ఫోన్లు, చొక్కాకు తగిలించే ఒక చిన్న మైకు. బొమ్మ తీయడం దగ్గర పెద్ద చర్చ రాలేదు. మాట ఎలా చేర్చాలన్న దగ్గరే మూడు దారులు కనిపించాయి.

మొదటిది, రైతు పని చేస్తూ చెబుతుంటే ఆ మాటనే ఉంచేయడం. రెండోది, బొమ్మలు ముందు తీసుకుని, ఇంటికొచ్చి తీరిగ్గా గొంతు కలపడం. మూడోది, అసలు గొంతే లేకుండా బొమ్మ వేసి, పక్కన ఒక మనిషి నిలబడి చెప్పడం. మూడూ చేసి చూశాం.

ముందు ఆ పద్ధతేమిటో చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఇంట్లో దాచుకున్న విత్తనంలో తాలు, సగం పాలు పోసుకున్న గింజలు కలిసి ఉంటాయి. మామూలు నీళ్లలో వేస్తే వట్టి తాలే తేలుతుంది. సగం నిండినవి గట్టి గింజలతో పాటు మునిగిపోతాయి. నీళ్లలో ఉప్పు కలిపితే నీరు బరువెక్కి, ఆ సగం గింజలు కూడా పైకి లేస్తాయి. పది లీటర్ల నీళ్లకు కిలోన్నర ఉప్పు. సరిపోయిందో లేదో కోడిగుడ్డు చెబుతుంది. మామూలు నీళ్లలో గుడ్డు అడుగున పడుకుంటుంది, ఉప్పు కరిగేకొద్దీ లేస్తుంది, పైన పావలా బిళ్లంత మేర బయటికి కనిపిస్తే నీరు సిద్ధం. అప్పుడు విత్తనం కొద్దికొద్దిగా పోసి కలిపి, తేలినవి జల్లెడతో తీసేసి, మునిగినవాటిని వెంటనే మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడగాలి. ఆ తర్వాత ఎప్పటిలాగే నానబెట్టి మండె కట్టుకోవడమే.

మొదటి దారిలో మా వరస బాబాయి ఒకాయన చేస్తూ చెప్పాడు. ఆయన బక్కెట్టులో చెయ్యి పెట్టి కలుపుతూ, తాలు లేచిరాగానే "ఒరే, సూడరా, ఎలాగ తేలిపోతందో! ఇదంతా మనం ఏటా మడిలో సల్లేస్తన్నాం" అన్నాడు. ఆ మాటను ఎవరూ రాసివ్వలేరు. వీడియో చూసిన ప్రతి చోటా జనం నవ్వింది అక్కడే, బక్కెట్టు వైపు వంగి చూసిందీ అక్కడే.

కానీ అదే వీడియోలో ఆయన "పది లీటర్లకు ఒక కిలో ఉప్పు" అన్నాడు. అక్కడున్న ప్యాకెట్ కిలోది, దాని మీద ఇంకో అరకిలో వేశాడు, మాటలో మాత్రం కిలోయే వచ్చింది. కిలో ఉప్పుతో గుడ్డు పైకి అంతగా రాదు; సగం నిండిన గింజలు కొన్ని అడుగునే ఉండిపోతాయి. చూసినవాడు పద్ధతి పనిచేయలేదనుకుంటాడు. ఆ ఒక్క మాట తీసేయబోతే చెయ్యి ఉప్పు వేస్తున్న బొమ్మ కూడా తెగిపోతుంది. పెదవులు కనిపిస్తున్నాయి కనుక పైనుంచి వేరే గొంతు అతికిస్తే సరిపడదు. పైగా ఆయన మాట నిండా "ఇలాగ", "అంత", "ఇటేపు" అన్నవే. బొమ్మ చూస్తున్నంతసేపూ ఇబ్బంది లేదు, ఒడియాలోకి మార్చబోతే ఆ మాటల్లో మార్చడానికి ఏమీ మిగల్లేదు. గాలి సంగతి సరే. మైకుకు పలచటి గుడ్డ చుట్టాం, అది కొంత పనిచేసింది. పక్క చేలో నీళ్ల ఇంజను మోతకు మాత్రం గుడ్డ చాలదు, ఇంజను ఆపేదాకా ఆగాలి.

మూడో దారిని తీసిపారేయలేం. 2006లో బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధనశాలలో మొదలై, తర్వాత విడి సంస్థ అయిన డిజిటల్ గ్రీన్ వాళ్ల పనికి ఆయువుపట్టు ఇదే: ఊళ్లో ఒక మనిషి వీడియో వేసి, మధ్యలో ఆపి, "ఇప్పుడేం వేశాడు? ఎంత వేశాడు?" అని అడుగుతాడు. మేమూ గుడ్డు తేలే దగ్గర ఆపి అడిగాం. ఒకామె లేచి "మా ఇంట్లో గుడ్డు ఉప్పు వేయకముందే తేలింది" అంది. అది పాత గుడ్డు. నిలవ ఉన్నకొద్దీ లోపల గాలి అర పెద్దదై మామూలు నీళ్లలోనే తేలుతుంది. ఆ ప్రశ్న వచ్చాకే, ముందు మామూలు నీళ్లలో గుడ్డు మునగడం చూపించే క్లిప్ మళ్లీ తీశాం. అయితే ఈ దారి ఆ మనిషి ఉన్నంతవరకే. వీడియో వాట్సాప్‌లో పక్క ఊరికి వెళ్లిందంటే మిగిలేది మూగ బొమ్మ.

దాంతో రెండో దారికి వచ్చాం. ఏడు క్లిప్పులు: గుడ్డు మామూలు నీళ్లలో మునగడం, ఉప్పు తూచి వేయడం, గుడ్డు తేలడం, విత్తనం పోసి కలపడం, తాలు తీయడం, కడగడం, నానబెట్టడం. ఒక్కో క్లిప్‌లో ఒక్క పనే. ముఖాలు తక్కువ, చేతులు ఎక్కువ. చేతులే కనిపిస్తే ఏ భాష గొంతైనా నప్పుతుంది. గుడ్డు బొమ్మను మొదట పక్కనుంచి తీశాం, స్టీలు బక్కెట్టు కనుక ఏమీ కనిపించలేదు. రెండోసారి నీడలో, నేరుగా పైనుంచి తీశాం. ఎండలో నీటి మీద మెరుపు గుడ్డును మింగేస్తుంది. పావలా బిళ్ల మరో తలనొప్పి. 2011లోనే అది చెలామణి నుంచి పోయింది, కుర్రాళ్లలో చాలామంది చూడనే లేదు. చివరికి గుడ్డు పక్కన ఒక వేలిమీద రూపాయి బిళ్ల పట్టుకుని చూపించి, "దీనికంటే కాస్త చిన్నగా" అని గొంతులో చెప్పాం.

గొంతు రాసుకునేటప్పుడు మొదటి చిత్తులో "ఉప్పు ద్రావణం యొక్క సాంద్రతను పరీక్షించుటకు" అని ఉంది. రాసింది నేనే, ఒప్పుకుంటున్నాను. దాన్ని కొట్టేసి "నీళ్లకు ఉప్పు సరిపోయిందా? గుడ్డు వేసి చూడండి" అని మార్చాం. ఒక క్లిప్‌కు రెండు వాక్యాలకు మించనివ్వలేదు. అంకె ఉన్న మాటను రెండుసార్లు చెప్పించాం: ఉప్పు వేస్తున్నప్పుడొకసారి, వేశాక చెయ్యి ఆగినప్పుడొకసారి. చెయ్యి కదులుతుంటే కళ్లు చేతి మీదే ఉంటాయి, చెవి సగమే వింటుంది.

చదివింది మా సొసైటీలో లెక్కలు రాసే అమ్మాయి. గది తలుపులు మూసి, ఫ్యాన్ ఆపి, ముందు దుప్పటి వేలాడదీసి ఫోన్‌లోనే రికార్డు చేశాం. ఏడు క్లిప్పులకు ఏడు విడి ఫైళ్లు. మొత్తం ఒకేసారి చదివిస్తే ఒక్క తప్పుకు అంతా మళ్లీ చదవాలి. బాబాయి చెప్పిన కిలో తప్పు ఇక్కడ అరనిమిషంలో సరైపోయింది.

ఒడియా గొంతు కలిపేటప్పుడే దెబ్బ తగిలింది. తెలుగు వాక్యం ఎంతసేపు పడుతుందో అంతకే క్లిప్పులు కోసేశాం. ఒడియాలో రెండు చోట్ల మాట పొడుగైంది, తాలు తీసే మాట చెబుతుండగానే బొమ్మ కడగడంలోకి వెళ్లిపోయింది. మళ్లీ కత్తిరింపు మొదటికొచ్చింది. ఇప్పుడు ప్రతి క్లిప్ చివరా మూడు నాలుగు సెకన్లు ఊరికే వదిలేస్తున్నాం. తెలుగులో అది కాస్త నెమ్మదిగా అనిపిస్తుంది, అనిపించనీ. తాలుకు ఒడియా ఇళ్లవాళ్లు "అగాడి" అంటారు, విత్తనానికి "బిహన". ఆ మాటలు పుస్తకంలో వెతకలేదు, ఒడియా ఇంటి రైతునే పిలిచి బొమ్మ చూపించి అడిగాం.

తెర మీద అక్షరాలు వేద్దామని ఒకరన్నారు. మా దగ్గర అది పనికిరాదు. తెలుగు మాట్లాడే పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు, చదివింది ఒడియా బడిలో. పెద్దవాళ్లలో కొందరికి ఏ లిపీ రాదు. అంకెలు మాత్రం వేశాం: 10, దాని పక్కన బక్కెట్టు బొమ్మ, 1.5, దాని పక్కన ఉప్పు ప్యాకెట్. అవి కూడా పెద్దగా ఉండాలి, ఎందుకంటే వాట్సాప్ వీడియోను కుదించేసరికి సన్న గీతలన్నీ అలుక్కుపోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే అలా కాదు, కానీ ఫార్వర్డ్ చేసేవాళ్లందరికీ ఆ సంగతి చెబుతూ కూర్చోలేం.

అయితే రెండో దారిలో పోయేదొకటి ఉంది. అంతా చేతులే, అంతా ఒకటే గొంతు కావడంతో, మొదటి ప్రదర్శనలో ఎవరో అడిగారు: "ఇది ఎవరి చేను? ఏ ఊరు?" వీడియోలో ఉన్న రైతు పేరూ ఊరూ జనం అడగడం డిజిటల్ గ్రీన్ వాళ్లు తొలి రోజుల్లోనే గమనించిన విషయం. మనలాంటివాడే చేశాడని తెలిస్తేనే మాట చెవికెక్కుతుంది. అందుకని బాబాయి పాత వీడియోలోంచి రెండు ముక్కలు కోసి తెచ్చాం. మొదట్లో తన పేరూ ఊరూ చెప్పేది, మధ్యలో ఆ "సూడరా" మాట. ఒడియా వీడియోలోనూ ఆయన తెలుగును రెండు సెకన్లు విననిచ్చి, తర్వాత దాన్ని తగ్గించి పైన ఒడియా గొంతు వేశాం. ఉప్పు వేసే క్లిప్ ఒక్కటి తప్ప మిగతా వాటిలో నీళ్ల చప్పుడు, విత్తనం పడే చప్పుడు సన్నగా ఉంచాం. పూర్తిగా తీసేస్తే బొమ్మ ఎక్కడో ఆఫీసులో తీసినట్టు ఉంటుంది.

కాబట్టి నా ఓటు రెండో దారికే, మొదటి దారిలోంచి అర నిమిషం అరువు తెచ్చుకుని. ఒకే భాష ఉన్న ఊరైతే, చెప్పే రైతు అంకెలు తప్పని మనిషైతే, మొదటి దారి చాలు. సగం పని తగ్గుతుంది. మా దగ్గర ఆ రెండూ కుదరలేదు. సభ పెట్టి చూపించేటప్పుడు మాత్రం గొంతున్న వీడియోనే వేసినా గుడ్డు దగ్గర ఆపుతున్నాం. గొంతు కలిపాం కదా అని ఆపడం మానేస్తే పాత గుడ్డు లాంటి ప్రశ్నలు బయటికి రావు. రెండో ఏడాది అలాగే ఇంకో రెండు విషయాలు తెలిశాయి. ఒకాయన వాడిన ఉప్పునీళ్లను ఆకుమడిలోనే పారబోశాడు. ఇంకొకరు విత్తనాన్ని కడగకుండా రాత్రంతా ఉప్పులోనే వదిలేసి, మొలక సరిగా రాలేదని వచ్చారు. కడగాలని వీడియోలో ఉంది, "వెంటనే" అన్న మాట లేదు. ఆరో ఫైలు ఒక్కటే మళ్లీ చదివించి మార్చాం. నీళ్లు పారబోసే చోటు కోసం ఎనిమిదో క్లిప్ తీయాల్సి వచ్చింది.

గొంతు కలపని బొమ్మలను విడిగా ఒక మెమరీ కార్డులో దాచాం. కొండ వైపు సవర ఊళ్లవాళ్లు తమ భాషలో కావాలంటున్నారు. మాలో ఎవరికీ సవర రాదు, అక్కడి ఆడమనిషి ఒకామె చదువుతానంది. కాకపోతే వాళ్లలో కొందరు నారు పోయరు, పొడి దుక్కిలోనే వెదజల్లుతారు. నానబెట్టే ఏడో క్లిప్ వాళ్లకు పనికిరాదు. ఉప్పునీళ్లలోంచి తీసి కడిగిన గింజను నీడలో ఆరబెట్టి చల్లే క్లిప్ వాళ్ల పొలంలోనే తీయాలి.