‘యకూజా రీమాస్టర్డ్ కలెక్షన్’ కొనేముందు చూసుకోండి: అందులో మొదటి భాగం లేదు

జపాన్ నేర ముఠాల కథలతో వచ్చే యకూజా వీడియో గేమ్‌లు కొత్తగా మొదలుపెడదామనుకుంటున్న వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను చేసిన పొరపాటు మీరు చేయకూడదు. పోయింది రెండు వేల రెండు వందల రూపాయలు మాత్రమే అయితే ఇంత రాసేవాణ్ని కాదు. ఒక మంచి కథలోని అసలు మలుపు నాకు ముందే తెలిసిపోయింది. అది మళ్ళీ వెనక్కి రాదు.

నాకు పాత పీఎస్4 ఉంది. సెకండ్‌హ్యాండ్ డిస్కులు అమ్మే ఒకతను ఆన్‌లైన్‌లో ‘ది యకూజా రీమాస్టర్డ్ కలెక్షన్’ పెట్టాడు. ఫోన్ చేసి, “నేను ఈ సిరీస్ ఒక్కటి కూడా ఆడలేదు. ఇదే మొదలా?” అని అడిగాను. “మొత్తం సిరీస్ ఇందులోనే ఉందన్నా, మొదటి నుంచి ఆడుకోవచ్చు” అన్నాడు. కలెక్షన్ అని పేరుంది, రీమాస్టర్ అంటే కొత్తగా చేసి ఉంటారు కదా అనుకుని తీసుకున్నాను. డబ్బా వెనక ఏం రాసుందో కూడా చదవలేదు. ఆ డబ్బాలో ఉన్నవి మూడు, నాలుగు, ఐదు భాగాలు మాత్రమే. ఒకటి, రెండు అందులో లేవు. ఇంటికొచ్చి అతనికి ఫోన్ చేస్తే, “డిస్క్ ఓపెన్ చేశాక రిటర్న్ ఉండదన్నా” అన్నాడు.

సరేలే, మూడుతోనే మొదలుపెడదాం అనుకున్నాను. నా తమ్ముడు కూడా పక్కన కూర్చున్నాడు. మూడో భాగం శ్మశానంలో మొదలవుతుంది. కథానాయకుడు కజుమా కిర్యూ ఒక అమ్మాయితో వచ్చి సమాధుల ముందు నిలబడతాడు. అక్కడే మొదటి రెండు భాగాల కథ గుర్తు చేసుకునే ఆప్షన్ ఇస్తారు. ఏమీ తెలియకుండా ఆడటం కంటే ఇది మేలు కదా అని నొక్కాను. రెండు గేమ్‌ల కథ కొద్ది నిమిషాల్లో కళ్ళ ముందు తిరిగిపోయింది. ఎవరు ఎవరిని మోసం చేశారో, చివరికి ఎవరు మిగిలారో అన్నీ అందులోనే ఉన్నాయి. కానీ ఆ ముఖాలేవీ మాకు పరిచయం లేవు. తోజో క్లాన్, ఓమి అలయన్స్ అంటూ పేర్లు వస్తూనే ఉన్నాయి. పది నిమిషాలకే తమ్ముడు ఫోన్ తీసుకున్నాడు.

ఆ తర్వాత కథ ఒకినావాకు వెళ్తుంది. కిర్యూ అక్కడ అనాథాశ్రమం నడుపుతుంటాడు. మొదటి కొన్ని గంటలు పిల్లల గొడవలు తీర్చడంతోనే గడిచిపోతాయి. నిజానికి ఇది చాలా మంచి భాగం. జైలుకు పోయొచ్చి, ముఠాల మధ్య నలిగిన మనిషి ఇలా పిల్లల మధ్య ప్రశాంతంగా ఉండటం, అతని గతం తెలిసిన వాళ్ళకు మనసు నిండే విషయం. గతం తెలియని మాకు మాత్రం అది అంతులేని చాకిరీలా అనిపించింది.

ఇక ఫైటింగ్ సంగతి. మూడో భాగం 2009లో పీఎస్3 మీద వచ్చింది. శత్రువులు మాటిమాటికీ చేతులు అడ్డం పెట్టేస్తారు, మన దెబ్బలు తగలవు. పాత అభిమానులు కూడా దీని గురించి ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. నేనేమో బటన్లు సరిగ్గా నొక్కట్లేదేమో అనుకుని రెండు రోజులు టెన్షన్ పడ్డాను.

ఇక్కడే ఒక తేడా తెలుసుకోవాలి. రీమాస్టర్ అంటే పాత గేమ్‌నే తీసుకుని బొమ్మ స్పష్టంగా, కదలిక సాఫీగా కనిపించేలా సరిచేయడం. ఈ కలెక్షన్‌లో ఇంగ్లీష్ అనువాదం కూడా సరిదిద్దారు, అప్పట్లో జపాన్ బయట తీసేసిన కొన్ని భాగాలు తిరిగి కలిపారు. కానీ మూడో భాగంలో కెమెరా, ఫైటింగ్, మనుషుల నడక అన్నీ 2009 నాటివే. రీమేక్ అంటే అదే కథను కొత్త ఇంజన్ మీద మొదటి నుంచి మళ్ళీ కట్టడం. ఈ సిరీస్‌లో రీమేక్‌లకు ‘కివామి’ అని పేరు పెడతారు. 2005లో పీఎస్2 మీద వచ్చిన మొదటి భాగానికి రీమేక్ ‘యకూజా కివామి’, జపాన్‌లో 2016లో వచ్చింది. రెండో భాగానికి రీమేక్ ‘కివామి 2’ 2017లో వచ్చింది. డబ్బా మీద కివామి అని ఉందా, రీమాస్టర్డ్ అని ఉందా చూసుకుంటే ఆ గేమ్ చేతికి ఎంత పాతగా తగులుతుందో సగం తెలిసిపోతుంది.

మూడో భాగానికి కూడా ‘కివామి 3’ పేరుతో రీమేక్‌ను 2025లో ప్రకటించి, 2026 ఫిబ్రవరి విడుదల తేదీగా ఇచ్చారు. కాబట్టి ఎవరైనా “మూడు అమ్ముతున్నా” అంటే అది పాతదా, కివామినా అని తప్పకుండా అడగండి. ఏదైనా సరే, మొదలుపెట్టడానికి మాత్రం మూడు వద్దు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? ‘యకూజా 0’తో. స్టోర్‌లో Yakuza 0 అని వెతకండి. సున్నా అంటే ఇదేదో ట్రయల్ వెర్షన్ అని నేను మొదట్లో పొరబడ్డాను. కాదు, పూర్తి గేమ్. ఐదో భాగం తర్వాత, 2015లో చేశారు. కానీ కథాకాలం అన్నిటికంటే ముందు: 1988 డిసెంబర్. జపాన్‌లో భూముల ధరలు ఆకాశాన్నంటిన కాలం. టోక్యోలోని కబుకిచో ఆధారంగా తయారుచేసిన కమురోచోలో ఒక చిన్న ఖాళీ స్థలం ఉంటుంది. దాని కోసం ముఠాలన్నీ కొట్టుకుంటాయి. ఆ స్థలంలోనే ఒక శవం దొరుకుతుంది, ఆ హత్య కిర్యూ మీద పడుతుంది. నగరం చుట్టూ ఖాళీ ప్లాట్లకు కోట్లు పలకడం చూస్తున్న హైదరాబాద్ వాళ్ళకు ఈ కథ అర్థం కావడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు.

ఇందులో ఇద్దరు నాయకులు. కొన్ని అధ్యాయాలు కిర్యూతో, కొన్ని ఒసాకాలో కాబరే క్లబ్ నడిపే గోరో మజిమాతో ఆడాలి. ముందు ఏ గేమూ ఆడి ఉండాల్సిన పని లేదు, ఎందుకంటే కిర్యూ ఇక్కడ ఇరవై ఏళ్ళ కుర్రాడు, ముఠాలో చిన్న స్థాయివాడు. అతనితో పాటే మనమూ ఆ ముఠాల లెక్కలు నేర్చుకుంటాం. నేను మూడో భాగంలో పది నిమిషాల్లో మింగలేకపోయిన పేర్లన్నీ ఇక్కడ ఒక్కొక్కటిగా, మనిషితో సహా పరిచయమవుతాయి. ఫైటింగ్ కూడా వేగంగా ఉంటుంది, ఒక్కొక్కరికి మూడు రకాల పోరాట పద్ధతులుంటాయి.

ఒక జాగ్రత్త. మొదటి రెండు గంటల్లో ఎక్కువగా మాటల సీన్లే ఉంటాయి. మాటలు జపనీస్‌లో, కింద ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్. చదవడం ఇష్టంలేని వాళ్ళు 2025లో వచ్చిన ‘డైరెక్టర్స్ కట్’ చూడండి, దానిలో ఇంగ్లీష్ డబ్బింగ్ ఉంది. పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో కొంటే 14 రోజుల్లోపు, 2 గంటలకు మించి ఆడకపోతేనే మామూలుగా రీఫండ్ ఇస్తారు. ఈ గేమ్‌ను 2 గంటల్లో తేల్చుకోవడం కష్టం. అందుకని కొనకముందే ఎవరైనా ఆడిన వీడియో అరగంట చూసి, ఇంత నెమ్మదిగా మొదలైనా మీకు ఫర్వాలేదో కాదో చూసుకోండి.

సున్నా తర్వాత కివామి, ఆ తర్వాత కివామి 2, ఆపైన అంకెల వరుసే. కివామికి దూకేటప్పుడు కొంచెం నిరాశ కలగొచ్చు, ముందే చెబుతున్నాను. దాని కథ అసలు 2005 నాటిది, అందుకే సున్నా కంటే చిన్నగా, పలచగా ఉంటుంది. పెద్ద ప్రత్యర్థులు మధ్యలో ఆగి ప్రాణం నింపుకుంటారు, చిరాకేస్తుంది. అయినా వదిలేయకండి. కిర్యూ తన మిత్రుడు నిషికియామా నేరాన్ని నెత్తిన వేసుకుని పదేళ్ళు జైలుకు పోతాడు. సున్నా ఆడినవాళ్ళకు అతను ఎందుకలా చేశాడో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆడనివాళ్ళకు నిషికియామా అరగంట కనిపించే మనిషి మాత్రమే.

మూడుకు వచ్చేసరికి ఆట మళ్ళీ పాతబడుతుంది. కివామి 2లో కొట్టు తలుపు తోసి లోపలికి వెళ్తే నేరుగా వెళ్ళిపోతాం, వీధిలో గొడవ ఎక్కడ మొదలైతే అక్కడే జరుగుతుంది. పాత మూడులో అడుగడుగునా చిన్న ఆగుడు. కానీ అప్పటికి మీకు కిర్యూ మీద ప్రేమ ఉంటుంది కాబట్టి ఓర్చుకుంటారు. నా దగ్గర ఆ ప్రేమ లేకుండా ఆ పాతదనం ఒక్కటే మిగిలింది.

“కొత్తదే కొందాం” అనుకునే వాళ్ళకు ఇంకో మాట. 2020లో వచ్చిన ‘యకూజా: లైక్ ఎ డ్రాగన్’తో మొదలుపెట్టొచ్చు. నాయకుడు ఇచిబాన్ కసుగా కొత్తవాడు, ఊరు యొకొహామా. ఫైటింగ్ మాత్రం వంతులవారీగా, చదరంగంలా ఒకరి తర్వాత ఒకరు. చివరికొచ్చేసరికి పాత మనుషులు వస్తారు, ఆరో భాగం ముగింపు కూడా బయటపడుతుంది. ఆ నష్టం ఫర్వాలేదనుకుంటే హాయిగా ఆడండి. కానీ 2023లో వచ్చిన ‘లైక్ ఎ డ్రాగన్ గైడెన్’ చిన్నది, చవక అని దానితో మొదలుపెట్టొద్దు. అది ఆరో భాగానికి, 2024 నాటి ‘ఇన్ఫినిట్ వెల్త్’కు మధ్య వంతెన. మొదటి సీన్ నుంచే మీకు కిర్యూ గతమంతా తెలుసు అనుకుని నడుస్తుంది.

సెకండ్‌హ్యాండ్ డిస్క్ తీసుకునేవాళ్ళు అమ్మేవాణ్ని “మొదటి భాగం ఉందా?” అని అడగొద్దు. డబ్బా వెనక వైపు ఫోటో పంపమనండి, ఏ అంకెలు రాసున్నాయో మీరే చదువుకోండి. అతను నన్ను కావాలని మోసం చేశాడో, అతనికీ తెలియదో నాకు తెలియదు. ఫోటో అడిగి ఉంటే ఆ ప్రశ్నే వచ్చేది కాదు.

తర్వాత నేను సున్నా కొన్నాను. తమ్ముడు ఆ శ్మశానం సీన్ అప్పుడు ఫోన్ చూసుకున్నాడు కాబట్టి అతనికి ఏమీ గుర్తులేదు. ఇద్దరం ఒకే గేమ్, ఒకే సోఫా మీద ఆడాం. కిర్యూ, నిషికియామా కలిసి నవ్వుకునే ప్రతి సీన్‌లో వాడూ నవ్వాడు. నేను మాత్రం సమాధి రాయి మీద చూసిన పేరు గుర్తొచ్చి, వాడికి తెలియకుండా గొంతు సర్దుకుంటూ కూర్చున్నాను. కివామి 2 అయ్యాక మళ్ళీ పాత మూడో భాగం పెట్టాం. శ్మశానం సీన్‌లో పాత కథ గుర్తు చేసుకుంటారా అని గేమ్ అడిగితే, తమ్ముడు “అక్కర్లేదు” అని ముందుకు నొక్కేశాడు.